కథ చూసి చెప్పండి: రిమోట్ కోసం అక్కాతమ్ముళ్ల గొడవ, ముగింపు కుదరడం లేదు

చిన్నచౌకు సుధ

అందరికీ నమస్కారం. పిల్లల కథల సంకలనం ఒకదానికి ఈ కథ రాస్తున్నాను. 600 పదాలు దాటకూడదన్నారు. గొడవ వరకు చకచకా వచ్చేసింది. ఒప్పందం దగ్గరికి వచ్చేసరికి చప్పగా అయిపోతోంది. కింద చిత్తుప్రతి పెడుతున్నాను, మొహమాటం లేకుండా చెప్పండి.

సాయంత్రం ఏడున్నర కావస్తోంది. ఏప్రిల్ ఎండ దిగినా మిద్దె వేడి దిగలేదు. హాల్లో ఫ్యాన్ కింద జేజి చేట ముందు పెట్టుకుని చెనిక్కాయలు ఒలుస్తోంది. భారతి సోఫాలో కాళ్లు ముడుచుకుని, రిమోట్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పదో తరగతి పరీక్షలు అయిపోయాయి కాబట్టి ఈ వేసవంతా టీవీ తనదేనని ఆమె లెక్క.

వీధిలోంచి చరణ్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో బ్యాటు, మోకాళ్ల నిండా దుమ్ము.

"అక్కా, మ్యాచ్ పెట్టు. టాస్ అయిపోయింటాది."

"సరిగ్గా సీరియల్ టైముకే నీకు మ్యాచ్ గుర్తొస్తాదా? అరగంట ఆగు."

"అరగంట ఆగితే పవర్ ప్లే అయిపోతాది!"

"నిన్నా అదే చెప్పినావు, మొన్నా అదే చెప్పినావు."

"నీ సీరియల్ యాడికి పోతాదిలే. ఆ కోడలు రోజూ ఏడుస్తానే ఉంటాది."

ఆ మాటతో భారతి రిమోట్‌ను దిండు కింద పెట్టి దాని మీదే కూర్చుంది. చరణ్ దిండు లాగాడు. భారతి చరణ్ చొక్కా లాగింది. రిమోట్ గాల్లోకి ఎగిరి నేల మీద పడింది. వెనక మూత ఊడి, ఒక బ్యాటరీ దొర్లుకుంటూ ఫ్రిజ్ కిందికి పోయింది. దాని కోసం ఇద్దరూ ఒకేసారి వంగారు. జేజి చేట బోర్లా పడింది.

"నా చెనిక్కాయలురా!" అంది జేజి.

అప్పుడే నాయన అంగడి నుంచి వచ్చాడు. సంగతి విన్నాడు. ఒక కాగితం తీసుకుని రాశాడు. సోమ, బుధ, శుక్రవారాలు భారతికి. మంగళ, గురు, శనివారాలు చరణ్‌కు. ఆదివారం అందరికీ. దాన్ని టీవీ పక్కన అంటించాడు. ఇద్దరూ "సరే నాయనా" అన్నారు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో రిమోట్ గొడవ లేదు.

ఇదీ కథ. ఆ చివరి వాక్యాన్ని మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. మా అమ్మాయైతే నవ్వేసింది.

గుత్తికోట

గొడవ భాగం బాగుంది, చేట బోర్లా పడడం ఇంకా బాగుంది. నాకు మూడు రోజులు మూడు రోజులు పంపకంలో తప్పేమీ కనబడలేదు, సమానంగానే ఉంది కదా. నాయన బదులు పిల్లలే రాసుకున్నట్టు మార్చండి, సరిపోతుంది. ఒక చిన్న సవరణ. ఐపీఎల్ మ్యాచ్ మొదలయ్యేది ఎనిమిదికి. సీరియల్ ఏడున్నర నుంచి ఎనిమిది దాకా అయితే అసలు గొడవే రాదు. టైము మార్చండి.

సెట్టాప్ శీను

మేడమ్, బ్యాటరీ ఫ్రిజ్ కిందికి పోతే కొత్తవి రెండూ ఒకేసారి వేయండి. ఒకటి పాతది, ఒకటి కొత్తది వేస్తే రిమోట్ సరిగా పనిచేయదు. పిల్లలు ఇట్లా కొట్టుకుంటుంటే బాక్సులో ఛానల్ లాక్ ఉంటుంది, సెట్టింగ్స్‌లోకి పోయి పిన్ పెట్టుకోండి. పిన్ మర్చిపోతే కేబుల్ వాళ్లకు ఫోన్ చేస్తే రీసెట్ చేస్తారు. నేను ప్రొద్దుటూరులో ఇదే పని చేస్తుంటాను.

చిన్నచౌకు సుధ

శీను అన్నా, ఇది మా ఇంట్లో జరిగింది కాదు, కథ. అయినా థాంక్స్.

సెట్టాప్ శీను

ఓహో, కథనా. అయితే ఒక మాట. మీ కథలో ఒక్క రిమోటే ఉంది. కేబుల్ గానీ డిష్ గానీ ఉన్న ఇంట్లో రెండుంటాయి. ఒకటి బాక్సుది, ఇంకోటి టీవీది. ఛానల్ మారేది బాక్సు రిమోట్‌తో. సౌండు రెండింటితోనూ తగ్గుతుంది. టీవీ రిమోట్ చేతిలో ఉన్నోడు ఛానల్ మార్చలేడు గానీ సోర్స్ మార్చేసి 'నో సిగ్నల్' తెప్పించగలడు. నేను కంప్లైంట్ మీద పోయే ఇళ్లలో ఇది మామూలే. బాక్సు చెడిపోయిందని పిలుస్తారు. పోయి చూస్తే హెచ్‌డీఎంఐ ఒకటి మీద ఉండాల్సిన టీవీ రెండు మీద ఉంటుంది. పక్కన పిల్లోడు ఏమీ తెలియనట్టు నిలబడి ఉంటాడు. ఇంకో పద్ధతి, బాక్సు ముందు పోయి నిలబడతారు. బాక్సు కన్నుకు మనిషి అడ్డమైతే ఎంత నొక్కినా ఛానల్ మారదు.

పాత పలక

శీనుగారు దారి తప్పి వచ్చినా బంగారం లాంటి సంగతి ఇచ్చారు. సుధమ్మా, దిండు కింద రిమోట్ దాచడం అందరూ రాసేదే. అక్క చేతిలో బాక్సు రిమోట్, తమ్ముడి చేతిలో టీవీ రిమోట్ ఉంటే గొడవ తీరే మారిపోతుంది. ఆమె పెట్టగలదు, వాడు చెడగొట్టగలడు. ఇద్దరిలో ఎవరూ ఒంటరిగా టీవీ చూడలేరు. కథకు కావలసింది ఇదే. ఒకరిని ఒకరు ఒప్పించుకోక తప్పని పరిస్థితి వస్తే, నాయన వచ్చి కాగితం రాయాల్సిన అవసరం ఉండదు.

గుత్తికోటగారికి ఒక మాట. ఎనిమిది గంటలనేది పాత లెక్క. 2020 నుంచి రాత్రి మ్యాచ్‌లు ఏడున్నరకే మొదలవుతున్నాయి, టాస్ ఏడుకు. రోజుకు రెండు ఉంటే మొదటిది మధ్యాహ్నం మూడున్నరకు. కాబట్టి సుధ పెట్టిన టైము సరైనదే. అంతేకాదు, ఆరు ఓవర్ల పవర్ ప్లే ఇంచుమించు అరగంట పడుతుంది. సీరియల్ కూడా అరగంటే. చరణ్ "అరగంట ఆగితే పవర్ ప్లే అయిపోతాది" అనడంలో అతిశయం లేదు. వాడు అడిగేది మూడున్నర గంటల మ్యాచ్ కాదు, ఆ అరగంటే. ఈ ఇద్దరి గొడవంతా ఏడున్నరకూ ఎనిమిదికీ మధ్యనే ఉంది. మీ కథలో అది ఒక మాటగా వచ్చి పోయింది, దాన్ని పట్టుకోండి.

ఉగ్గాని

మాది కర్నూలు. మా ఇంట్లో నేనూ మా అన్నా ఇట్లే కొట్టుకునేవాళ్లం. మా అమ్మ ఒకరోజు రెండు రిమోట్లూ బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టి, ఆ డబ్బా మీద కుక్కర్ పెట్టింది. మేమిద్దరం ఒకటై అమ్మ మీద పోట్లాడినాం. మా ఇద్దరికీ ఎప్పుడూ ఒప్పందం కుదరలేదు. అన్న హాస్టలుకు పోయినాడు, నాకు టీవీ దొరికింది. నిజం చెప్పాలంటే చాలా ఇళ్లలో ఇట్లే ముగుస్తుంది. మీ కథలో వారం షెడ్యూలు అంత సులభంగా నమ్మబుద్ధి కాదు.

నల్లచెరువు

నాదీ అదే అభిప్రాయం. పిల్లలు టైంటేబుల్ రాసుకోవడం పెద్దల కోరిక. పిల్లలకు ఆ పని ఎందుకు చేయాలనిపిస్తుంది? అది చూపించకపోతే కథ బడిగోడ మీది సూక్తిలా తయారవుతుంది.

గుత్తికోట

మ్యాచ్ టైము సంగతి సరే, ఏడున్నరే. కానీ మూడు మూడు ఎందుకు కుదరదంటారు? సమానమే కదా.

పాత పలక

సంఖ్యలో సమానమే. ఒక వారం వేసి చూద్దాం.

చరణ్ ఏ జట్టు అభిమానో కథలో లేదు. హైదరాబాద్ అనుకుందాం. 2022 నుంచి పది జట్లు ఉన్నాయి, లీగ్ దశలో ఒక్కో జట్టుకు 14 మ్యాచ్‌లు. అవి ఇంచుమించు రెండు నెలల్లో పరుచుకుని ఉంటాయి. అంటే ఒక జట్టు వారానికి దాదాపు రెండుసార్లు ఆడుతుంది. ఈ వారం సోమవారం, గురువారం ఆడిందనుకోండి. నాయన రాసిన కాగితం ప్రకారం చరణ్‌కు మంగళ, గురు, శని దక్కాయి. గురువారం మ్యాచ్ దొరికింది. సోమవారం మ్యాచ్ పోయింది. మంగళ, శనివారాల్లో వాడికి పెద్దగా పట్టని జట్లు ఆడుతుంటాయి. అయినా తన వంతు కాబట్టి పంతానికి కూర్చుని చూస్తాడు.

ఇప్పుడు భారతి వైపు చూద్దాం. సీరియల్ సోమవారం నుంచి శనివారం దాకా వస్తుంది. శనివారం ఎపిసోడ్ ఎప్పుడూ ఎక్కడో ఒకచోట తెగుతుంది, ఆదివారం ఉండదు కాబట్టి. తలుపు తట్టింది ఎవరో సోమవారం గానీ తెలియదు. మధ్యలో మంగళ, బుధవారాలు వంటింట్లో మాట్లాడుకుంటూ గడిచిపోతాయి. నాయన కాగితంలో శనివారం చరణ్‌కు పోయింది. అంటే వాడికి అక్కర్లేని మ్యాచ్ కోసం ఆమెకు కావలసిన ఎపిసోడ్ పోయింది. వాడికి కావలసిన సోమవారం కూడా పోయింది.

ఇద్దరికీ మూడేసి రోజులు వచ్చాయి, ఇద్దరూ కోపంగానే ఉన్నారు. రెండో వారానికి ఆ కాగితం చింపేస్తారు. మీ అమ్మాయి నవ్వింది అందుకే అయ్యుంటుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. హైదరాబాద్ మ్యాచ్ ప్రతి వారం ఒకే రోజు రాదు. ఈ వారం సోమ, గురు. వచ్చే వారం బుధ, ఆది కావచ్చు. వారాల పేర్లతో రాసిన కాగితం ఏదైనా ఒక వారమే పనిచేస్తుంది.

చిన్నచౌకు సుధ

ఇది నేను ఆలోచించని కోణం, సార్. అంటే షెడ్యూలులో రోజులు కాకుండా లెక్క ఉండాలా? వారానికి రెండు అని?

పాత పలక

అవును. చరణ్‌కు వారానికి రెండు రాత్రులు. ఏ రెండో ఆదివారం రాత్రే చెప్పెయ్యాలి, తర్వాత మార్చకూడదు. మిగతా రోజులు ఎనిమిది దాకా భారతివి. ఎనిమిది తర్వాత ఎలాగూ వాడిదే కదా, ఆమెకు సీరియల్ అయిపోయింది. మనింట్లో గోడకు వేలాడే పెద్ద గడుల క్యాలెండర్ ఉంటుంది, తిథి, వర్జ్యం అన్నీ ఉండేది. దాని మీద పెన్నుతో రెండు సున్నాలు చుడితే చాలు, వేరే కాగితం ఎందుకు?

చెప్పిన రోజు మార్చడానికి వీల్లేకపోవడం ముఖ్యం. ఏ రోజుకారోజు చెప్పుకోవచ్చంటే ఏడున్నరకు మళ్లీ అదే గొడవ.

గుత్తికోట

ఇంకో పద్ధతి ఉంది. ఒకరు పంచాలి, ఇంకొకరు ఎంచుకోవాలి. ఇంట్లో మామిడిపండు కోసినట్టే. భారతి వారాన్ని రెండు భాగాలు చేస్తుంది, చరణ్ తనకు కావలసింది తీసుకుంటాడు. అప్పుడు ఆమె అన్యాయంగా పంచలేదు. కథకు ఇదే సరళం.

పాత పలక

మంచి ఆలోచనే. కానీ భారతికి చరణ్ అభిరుచి తెలుసు. హైదరాబాద్ ఆడే రోజులు ఏవో తెలుసుకుని, ఆ రెండింటినీ ఒక భాగంలో వేసి, దానికి తోడు తనకు అక్కర్లేని మంగళవారం ఒకటి తగిలిస్తుంది. వాడు ఆ భాగం మీద దూకుతాడు. ఆమెకు మిగతావన్నీ వస్తాయి. మోసమేమీ లేదు, వాడూ సంతోషంగానే ఉంటాడు. ఒకరకంగా అక్క తెలివి చూపించే దృశ్యం కూడా. అయితే ప్రతి ఆదివారం ఇలా పంచుకోవాలి, కథలో అంత చోటు ఉండదు. మీ పద్ధతి నేను కొట్టేయడం లేదు, 600 పదాల్లో ఇమడదంటున్నాను.

నల్లచెరువు

మీరంతా లెక్కల క్లాసు పెట్టారు. పన్నెండేళ్ల పిల్లోడు "అక్కా, నా జట్టు వారానికి రెండుసార్లే ఆడుతుంది కాబట్టి" అని మాట్లాడడు. ఈ సంగతి వాళ్ల నోట్లోంచి తిట్టుకుంటూ ఉండగా జారిపడాలి. అక్క ఎగతాళి చేయడానికి "ఈ రోజు ఎవరాడతాండారో చెప్పు చూద్దాం" అని అడగాలి. వాడు నీళ్లు నమలాలి. వాడు తిరగబడి "నిన్న నీ సీరియల్‌లో ఏమైందో నువ్వు చెప్పు" అనాలి. ఆమెకూ చెప్పడానికి ఏమీ ఉండకూడదు. అప్పుడు ఇద్దరికీ తెలుస్తుంది, ఈ రోజు ఇద్దరికీ టీవీ అంత అక్కర్లేదని. ఆ తర్వాత మీ సున్నాలు చుట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు.

ఉగ్గాని

ఇది నమ్ముతాను. మా అన్న కూడా నేను చూస్తున్నానని చూసేవాడే తప్ప వాడికి ఆ మ్యాచ్ పట్టేది కాదు.

ఇంకోటి. సీరియల్ పోతే మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వేస్తారు కదా, చాలా ఛానళ్లలో. మ్యాచ్‌కు అట్లా లేదు. హైలైట్స్ ఉంటాయి గానీ గెలిచిందెవరో అప్పటికే వీధంతా తెలిసిపోతుంది. మా అన్న దీన్నే వాదించి గెలిచేవాడు.

పాత పలక

ఆ వాదన చరణ్ చేతికి ఇవ్వండి సుధమ్మా. భారతి ఒప్పుకోవడానికి అదొక కారణమవుతుంది. వేసవి సెలవులు కాబట్టి మధ్యాహ్నం ఆమె ఇంట్లోనే ఉంటుంది. కాకపోతే కడపలో ఏప్రిల్ మధ్యాహ్నం కరెంటు సంగతి మీకే బాగా తెలుసు.

చిన్నచౌకు సుధ

అందరి మాటలూ కలిపి మధ్యభాగం నుంచి మళ్లీ రాశాను. నాయనను పూర్తిగా తీసేశాను. ఆయన అంగడిలోనే ఉన్నాడు.

భారతి బాక్సు రిమోట్‌తో సీరియల్ పెట్టింది. టీవీ రిమోట్ చరణ్ చేతిలో ఉంది. వాడు ఒక మీట నొక్కాడు. తెర నీలంగా మారి 'నో సిగ్నల్' అంది.

"నాయన వస్తే చెప్తా."

"చెప్పుకో. వచ్చేసరికి నీ సీరియల్ అయిపోతాది."

భారతి లేచి టీవీ దగ్గరికి పోయి వెనక మీటతో సరిచేసింది. వాడు మళ్లీ నొక్కాడు. ఆమె మళ్లీ సరిచేసింది. జేజి తల ఎత్తి నీలం తెరను చూసి, "ఇదేం సినిమాప్పా?" అంది.

"సరే, మ్యాచే పెడతా," అంది భారతి విసుగ్గా. "ముందు ఈ రోజు ఎవరాడతాండారో చెప్పు."

చరణ్ నోరు తెరిచాడు. "పంజాబ్... ఇంకోటి... ఎవరోలే, మ్యాచ్ మ్యాచే కదా."

"చూసినావా! మొన్న హైదరాబాద్ మ్యాచ్ అయితే పొద్దున్నించే చెప్తాంటివి."

"నువ్వు మాత్రం? నిన్న నీ సీరియల్‌లో ఏమైందో చెప్పు."

భారతి ఆలోచించింది. "అత్త కాఫీ పెట్టింది. కోడలు తాగింది."

"అంతేనా?"

"తాగాలా వద్దా అని చానాసేపు చూసింది."

జేజి నవ్వు ఆపుకోలేక చెనిక్కాయ పొట్టు ఊదేసింది. చరణ్ కూడా నవ్వాడు. టీవీ రిమోట్ మాత్రం వదల్లేదు.

"హైదరాబాద్ ఉన్నప్పుడు నాకు కావాల," అన్నాడు. "నీది రేపు మధ్యాహ్నం మళ్లీ వస్తాది. నాది మళ్లీ రాదు."

"వారానికి ఎన్నిసార్లు ఆడతారు?"

వాడు వేళ్లు ముడిచాడు. "రెండు."

"రెండే ఇస్తా. మూడోది అడగకూడదు. ఆదివారమే చెప్పాల. శనివారం మాత్రం నాది."

"శనివారం హైదరాబాద్ ఉంటే?"

"ఉంటే..." భారతి క్యాలెండర్ వైపు చూసింది. "ఉంటే నీది. ఆ వారమంతా పాలు నువ్వే తేవాల. వాకిలి కూడా నువ్వే చిమ్మాల."

"వాకిలి చిమ్మను. నా స్నేహితులు చూస్తారు."

"అయితే శనివారం నాది."

చరణ్ చాలాసేపు ఆలోచించాడు. తర్వాత పెన్ను తెచ్చి క్యాలెండర్ మీద గురువారం గడి చుట్టూ సున్నా చుట్టాడు. సోమవారం చుట్టబోతే భారతి చేయి పట్టుకుంది.

"ఈ సోమవారం అయిపోయింది కదరా. వచ్చే సోమవారాన్ని ఆదివారం చుట్టుకో."

"రేయ్," అంది జేజి, "ఆ గురువారం ఏకాదశి. గుడిలో భజన ఫోన్‌లో వస్తాదని మీ నాయన చెప్పినాడు. టీవీలో పెట్టమని అడుగుతామనుకుంటి."

ఇద్దరూ జేజి వైపు తిరిగారు.

ఇక్కడ ఆపేశాను. ఎలా ఉందో చెప్పండి.

నల్లచెరువు

కాఫీ తాగాలా వద్దా అని చూడడం అద్భుతం. ఇప్పుడు నమ్ముతున్నాను. కానీ జేజి దగ్గర ఆపడం నాకు సందేహంగా ఉంది. పిల్లలిద్దరూ కష్టపడి కుదుర్చుకున్న ఒప్పందాన్ని ఒక్క మాటతో తీసేసినట్టయింది. సున్నా చుట్టిన చోటే ఆపండి.

ఉగ్గాని

లేదు లేదు, జేజి ఉండాలి. మొదటి నుంచి ఆమె చెనిక్కాయలే పోయాయి, ఆమె టీవీ అడిగింది లేదు. ఇంట్లో మూడో మనిషి కూడా ఉన్నాడని అప్పుడే గుర్తొస్తుంది.

పాత పలక

జేజి ఉంటేనే బాగు అని నా మొగ్గు, కానీ నల్లచెరువుగారి మాటలో బలం ఉంది. సంకలనం సంపాదకులు వారం షెడ్యూలు గురించే కథ అడిగి ఉంటే షెడ్యూలు పూర్తయినట్టు కనబడాలి. జేజి భజన ఎనిమిది తర్వాత పెట్టుకోవచ్చు కదా, అంటే మ్యాచ్ మధ్యలో. చరణ్ ఒప్పుకుంటాడా లేదా అన్నది మీరే తేల్చాలి.

పాలు, వాకిలి బేరం చాలా సహజంగా ఉంది. శనివారం కావాలంటే ఇంత అని రోజుకు ధర కట్టింది భారతి. ఎవరూ నేర్పకుండానే.

గుత్తికోట

వర్షం వచ్చి మ్యాచ్ రద్దయితే? సున్నా చుట్టిన రోజు వృథా అయినట్టేనా, లేక ఇంకోటి చుట్టుకోవచ్చా? చరణ్ తప్పకుండా అడుగుతాడు. ప్లేఆఫ్స్ వారంలో హైదరాబాద్ ఉంటే రెండు సరిపోతాయా?

చిన్నచౌకు సుధ

గుత్తికోటగారూ, 600 పదాలు! నాకిప్పటికే యాభై పదాలు ఎక్కువయ్యాయి. వర్షం సంగతి ఇంకో కథ.

సెట్టాప్ శీను

మేడమ్, కథ బాగుంది. ఒక చిన్న అనుమానం. టీవీ వెనక మీటతో సోర్స్ మార్చింది అన్నారు. ఇప్పుడొచ్చే చాలా టీవీలకు ఆ మీట కింద మధ్యలో ఒక్కటే ఉంటుంది, ఎక్కువసేపు నొక్కితే టీవీ ఆఫ్ అవుతుంది. గోడకు బిగించిన టీవీ అయితే చేయి దూరడం కూడా కష్టం. వాళ్లది స్టాండు మీద పెట్టిన పాత టీవీ అని ఒక్క మాట వేయండి.

చిన్నచౌకు సుధ

వేస్తాను అన్నా. "చెక్క బల్ల మీది పాత టీవీ" అంటే ఐదు పదాలే.

ఉగ్గాని

మరి ఫ్రిజ్ కింద బ్యాటరీ?

చిన్నచౌకు సుధ

అది తీసేశానండీ. ఇప్పుడు రిమోట్ పగలడం లేదు కదా. జేజి చేట కూడా బోర్లా పడడం లేదు, అదే కొంచెం బాధగా ఉంది. ఎక్కడైనా ఇరికించగలనేమో ఈ రాత్రి చూస్తాను.